స్ట్రీమర్ ఆప్టికల్ అవుట్‌పుట్‌లో ప్రతి పాట మొదలూ తెగిపోతున్నదని ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

అయ్యా,

హన్మకొండ నుంచి రాస్తున్నాను. మీ కంపెనీ నెట్‌వర్క్ స్ట్రీమర్‌ను ఆప్టికల్ కేబుల్‌తో మా స్టీరియో ఆంప్లిఫయర్‌కు కలిపి ఇంటిల్లిపాదీ పాటలు వింటున్నాం. డిజిటల్ సిగ్నల్‌ను అనలాగ్‌గా మార్చే డాక్ ఆంప్‌లోనే ఉంది. మొన్నటి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ వరకూ ఏ ఇబ్బందీ లేదు. అది అయినప్పటి నుంచి ఏ పాట పెట్టినా మొదటి ఒకటి రెండు సెకన్లు వినపడటం లేదు.

అంత చిన్న ముక్క పోతే ఏమైందని మీ సర్వీస్ సెంటర్‌లో ఒకరు అన్నారు. మా అమ్మ రోజూ పొద్దున కర్ణాటక కచేరీ రికార్డింగులు వింటుంది. వాటిలో ఆలాపన ఒక ట్రాక్, కీర్తన ఇంకో ట్రాక్. ఆలాపన ముగించి గాయకుడు కీర్తన ఎత్తుకునే చోటే శబ్దం పోయి, పల్లవి సగంలో తిరిగి వస్తోంది. అసలు విరామమే లేకుండా సాగాల్సిన చోటు అది.

మీవాళ్లు మొదట కేబుల్ మార్చమన్నారు, మార్చాను. తర్వాత తప్పు ఆంప్‌ది అన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. అదే కేబుల్‌ను, ఆంప్‌లో అదే ఇన్‌పుట్‌కు, టీవీ నుంచి పెట్టి చూశాను. టీవీ సౌండ్ సెట్టింగ్‌లో పీసీఎం పెడితే సాయంత్రమంతా ఒక్కసారి కూడా శబ్దం తెగలేదు.

అసలు సంగతి కంటికే కనపడుతుంది. ఆంప్ వైపు కేబుల్ ఊడదీసి, దాని కొనను అరచేతి మీద పెట్టి చూశాను. పాట నడుస్తున్నంతసేపు ఎర్రటి చుక్క వెలుగుతూనే ఉంటుంది. పాట అయిపోగానే చుక్క ఆరిపోతుంది. తర్వాతి పాట మొదలయ్యాకే మళ్లీ వెలుగుతుంది. అంటే పాటకూ పాటకూ మధ్య మీ స్ట్రీమర్ ఆప్టికల్ సిగ్నల్‌నే ఆపేస్తోంది. కేబుల్ మళ్లీ పెట్టి చూస్తే, సరిగ్గా అదే సమయంలో ఆంప్ డిస్‌ప్లే మీద `44.1 kHz` పోయి `UNLOCK` వస్తోంది.

ఆప్టికల్‌లో క్లాక్ కోసం వేరే తీగ ఉండదు. పాటతో పాటే, ఆ వెలుగులోనే వస్తుంది. వెలుగు ఆగితే డాక్‌కు క్లాక్ పోతుంది. మళ్లీ వచ్చాక దాన్ని పట్టుకుని లాక్ అయ్యేదాకా, స్పీకర్లలో టప్‌మని మోత రాకుండా ఆంప్ మ్యూట్ చేసుకుంటుంది. అది చేయాల్సిన పనే. 44.1 పాట తర్వాత 96 కిలోహెర్ట్జ్ పాట వస్తే కాస్త ఆగడం నాకూ అర్థమవుతుంది, రేటు మారింది కాబట్టి. కానీ ఒకే ఆల్బమ్‌లో అన్నీ 44.1 పాటలే ఉన్నప్పుడు సిగ్నల్ ఆపాల్సిన అవసరమే లేదు. పాట లేనప్పుడు నిశ్శబ్దాన్నే సున్నాలుగా పంపుతూ ఉంటే లాక్ పోదు. అప్‌డేట్‌కు ముందు మీ యాప్‌లో `Digital Output: Always On` అని సెట్టింగ్ ఉండేది, అది చేసేది ఈ పనే. ఇప్పుడు ఆ సెట్టింగే కనపడటం లేదు. అప్‌డేట్ వివరాల్లో కరెంటు ఆదా అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు.

అయితే ఆర్‌సీఏ తీగలు వాడుకోండి అని చివరగా సలహా ఇచ్చారు. అలా పెడితే పాట మొదలు తెగని మాట నిజమే. కానీ ఆ తీగలు కలపగానే స్పీకర్లలో సన్నగా హమ్ మొదలవుతుంది, ఊడదీస్తే పోతుంది. రెండు పెట్టెల ఎర్తింగ్ ఆ తీగల గుండా కలిసి లూప్ అవుతున్నందుకే ఈ గోల. ఆప్టికల్‌లో వెళ్లేది వెలుగే కాబట్టి కరెంటు కలయికే ఉండదు, హమ్ కూడా రాదు. మీ మోడల్ కొన్నదే ఆ అవుట్‌పుట్ కోసం, పెట్టె మీద కూడా దాన్నే పెద్ద అక్షరాల్లో వేశారు.

కాబట్టి ఆ సెట్టింగ్‌ను తిరిగి ఇచ్చే అప్‌డేట్ ఎప్పటిలోగా పంపుతారో తేదీతో సహా రాతపూర్వకంగా చెప్పండి. అంతవరకు పాత ఫర్మ్‌వేర్‌కు వెనక్కి వెళ్లే ఫైల్, దాన్ని ఎక్కించే పద్ధతి పంపండి. ఈ రెండూ కుదరకపోతే వారంటీలోనే ఉంది కాబట్టి వస్తువు వెనక్కి తీసుకుని డబ్బు ఇచ్చేయండి. హైదరాబాద్‌కు పార్శిల్ చేయమని మాత్రం ఇంకోసారి అడగొద్దు. లోపం సాఫ్ట్‌వేర్‌లో ఉంటే పెట్టెను తిప్పి లాభం లేదు.

పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే జిల్లాలోనే కమిషన్‌లో కేసు వేసే హక్కు నాకుంది, అవసరమైతే అదీ చేస్తాను.

ఎర్ర చుక్క ఆరి వెలగడం, డిస్‌ప్లే మారడం కనపడే వీడియోలు, బిల్లు కాపీ జతచేశాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
హన్మకొండ