మలేరియా దోమ: 1897 అనాలా, 1898 అనాలా?

సంపాదకులకు,

ఏటా ఆగస్టు 20న దోమల దినం సందర్భంగా మీ పత్రికలో రొనాల్డ్ రాస్ గురించి వ్యాసం వస్తుంది. ఈసారి జిల్లా పేజీలో, ‘దోమకాటుతో మలేరియా వస్తుందని 1897లో సికింద్రాబాద్‌లో రాస్ కనిపెట్టారు’ అని రాశారు. ఆ వారమే వచ్చిన పోటీ పరీక్షల పేజీలో ఇదే ప్రశ్నకు జవాబు 1898 అని ఇచ్చారు. రెండూ చదివిన విద్యార్థి దేన్ని నమ్మాలి? ఒకటి అచ్చుతప్పు అని తోసేయడానికి లేదు. రెండు సంవత్సరాలకూ ఆధారాలున్నాయి. తేడా ఎక్కడుందంటే, ఏ సంవత్సరం ఏ సంగతి తేలిందో విడదీసి చెప్పకపోవడంలో.

బేగంపేటలో రాస్ పనిచేసిన భవనం మనకు 1897 ఆగస్టు 20ని గుర్తుచేస్తుంది. కోల్‌కతా పి.జి. ఆసుపత్రి గేటు దగ్గరి స్మారకం మీద మాత్రం, మలేరియా దోమల ద్వారా వ్యాపించే తీరును రాస్ 1898లో అక్కడి చిన్న ప్రయోగశాలలో కనిపెట్టారని చెక్కి ఉంది. 1927లో దాన్ని ఆవిష్కరించినప్పుడు రాస్ స్వయంగా అక్కడున్నారు. అంటే ఆ మాట ఆయనకు సమ్మతమే. ఆగస్టు 20ని దోమల దినం అన్నదీ ఆయనే. ఒకే మనిషి రెండు తేదీలనూ తనవిగా చెప్పుకున్నప్పుడు, ఆ తేదీల్లో ఆయన కళ్లారా చూసిందేమిటో వెతకాలి.

మలేరియా పరాన్నజీవిని కనిపెట్టింది రాస్ కాదు. 1880లో అల్జీరియాలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ రోగుల రక్తంలో దాన్ని చూశారు. దానికి దోమతో సంబంధం ఉండవచ్చని 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ ఊహించారు. ఆ ఊహ నిజమో కాదో తేల్చే పని రాస్ నెత్తిన వేసుకున్నారు. 1897 ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని రెక్కల మీద మచ్చలున్న దోమలతో కుట్టించారు. కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా చొప్పున ఇచ్చారు. తర్వాత రోజుకు కొన్ని దోమలను కోసి చూస్తూ వచ్చారు. నాలుగో రోజున, అంటే 20న, ఒక దోమ జీర్ణాశయపు గోడలో గుండ్రటి కణాలు కనిపించాయి. వాటిలో నల్లటి రేణువులున్నాయి. మలేరియా రోగి రక్తంలోని పరాన్నజీవిలో కనిపించే రేణువులూ అలాంటివే. మరునాడు మిగిలిన దోమను కోస్తే అవే కణాలు మరింత పెద్దవై ఉన్నాయి.

నా దృష్టిలో ఈ రెండో రోజు పరిశీలనే అసలైనది. ఒక్క దోమలో ఒక్కసారి కనిపించి ఉంటే అది దోమకు సహజంగా ఉన్న కణమో, వేరే రోగమో అనుకోవచ్చు. అంతకుముందు కోసిన దోమల్లో కనిపించనివి, మలేరియా రక్తం తాగిన దోమల్లో కనిపించి, ఒక్క రోజులో పెరిగాయంటే లోపల ఏదో ఎదుగుతున్నట్టే లెక్క. ఆ సంగతిని రాస్ రాసి పంపగా, 1897 డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. రెండు దోమల్లో కనిపించిన విచిత్రమైన రంగు కణాల గురించి అన్నది దాని శీర్షిక. మలేరియా వ్యాపించే మార్గం తెలిసిపోయిందని అందులో ఆయన ప్రకటించలేదు.

ప్రకటించే వీలూ అప్పటికి లేదు. ఆ కణాలు తర్వాత ఏమవుతాయో, మళ్లీ మనిషిలోకి ఎలా వస్తాయో తెలియదు. చచ్చిన దోమలు పడిన నీళ్లు తాగడం వల్ల జ్వరం వస్తుందని మాన్సన్ అనుకునేవారు. కాబట్టి ‘దోమకాటుతో వస్తుందని 1897లో కనిపెట్టారు’ అన్న మాట నిలబడదు. పరాన్నజీవి దోమలో పెరుగుతుందని 1897లో కనిపెట్టారు అంటే నిలబడుతుంది.

కాటు సంగతి కలకత్తాలో తేలింది. అక్కడ మలేరియా రోగులు సరిగా దొరక్క, రాస్ పక్షులకు వచ్చే మలేరియాను పట్టుకున్నారు. 1898 జులైలో అవే కణాలు పగిలి, సన్నటి దారాల్లాంటి రూపాలు దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరడం చూశారు. అలాంటి దోమలతో ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకలను కుట్టిస్తే వాటికి రోగం వచ్చింది. ఆ నెలాఖరులోనే ఎడిన్‌బరోలో జరిగిన వైద్యుల సమావేశంలో మాన్సన్ ఈ ఫలితాన్ని చదివి వినిపించారు. నలుగురిలో చదివారు గనక ఆ తేదీని తర్వాత ఎవరూ ముందుకో వెనక్కో జరపలేరు.

ఇక ఇటలీ వాళ్ల వాదన. అదే ఏడాది చివర రోమ్‌లో గ్రాస్సీ, బిగ్నామి, బాస్టియనెల్లి అనాఫిలిస్ దోమలతో ఒక మనిషిని కుట్టించి మలేరియా తెప్పించారు. రాస్ తన దోమ ఏ జాతిదో చెప్పలేకపోయారనీ, పిచ్చుకల్లో రుజువైతే మనిషిలో రుజువైనట్టు కాదనీ గ్రాస్సీ అన్నారు. తన పనిని చూసి గ్రాస్సీ అదే చేసి, సొంతదిగా చెప్పుకున్నారని రాస్ ఆరోపించారు. 1902లో నోబెల్ బహుమతి రాస్‌కు మాత్రమే వచ్చినా తగవు ఆగలేదు. బహుమతి ఎవరికిచ్చారో చూసి ఎవరు ముందో తేల్చేయడం సరికాదు. మనిషిలో కాటు ద్వారా రావడాన్ని ప్రయోగంతో చూపింది ఇటాలియన్లే. దారి తెరిచింది రాసే. గ్రాస్సీ చెప్పిన జాతి అభ్యంతరంలో కొంత న్యాయం ఉంది. కానీ రెక్కల మచ్చలతో, పడవల్లాంటి గుడ్లతో రాస్ ఇచ్చిన వర్ణన అనాఫిలిస్‌కు సరిపోతుంది. పేరు తెలియనంత మాత్రాన ఆ దోమను చూడలేదనలేం.

ఇలాంటి తగవులో వ్యాసకర్తలు తరచూ పడే పొరపాటు ఒకటుంది. రాస్ ఆత్మకథ 1923లో వచ్చింది. అప్పటికి గ్రాస్సీతో పాతికేళ్లుగా పోరు నడుస్తోంది. అందులోని ఆగస్టు 20 వర్ణనను మాత్రమే నమ్ముకుంటే, ఆ రోజే అంతా తెలిసిపోయినట్టు అనిపిస్తుంది. తగవు మొదలవక ముందు అచ్చయిన డిసెంబరు వ్యాసంలో ఆయన ఎంత జాగ్రత్తగా మాట్లాడారో చూస్తే ఆ భ్రమ పోతుంది. రెండింటికీ పొంతన లేనిచోట నేను పాతదాన్నే నమ్ముతాను.

మీకు నా విన్నపం ఇది. వచ్చే ఆగస్టులో ఒక్క వాక్యంతో సరిపెట్టకుండా, దోమలో పరాన్నజీవి 1897 సికింద్రాబాద్, పక్షుల్లో కాటు ద్వారా వ్యాప్తి 1898 కలకత్తా, మనిషిలో 1898 రోమ్ అని మూడూ రాయండి. పోటీ పరీక్షల పేజీలో ‘ఏ సంవత్సరం’ అని అడిగేటప్పుడు ‘ఏమి కనిపెట్టిన సంవత్సరం’ అన్నది ప్రశ్నలోనే ఉండేలా చూడండి. బేగంపేట భవనం దగ్గర తెలుగులో ఒక బోర్డు పెట్టి, ఆ రెండు రోజుల్లో రాస్ చూసిందేమిటో, ఎవరి రక్తం తాగిన దోమల్లో చూశారో వివరంగా రాయాలని అధికారులకు మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను. ఆ బోర్డు మీద హుసేన్ ఖాన్ పేరు కూడా ఉండాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
హైదరాబాద్