న్యాయవాది ప్రొఫైల్‌లో కనపడని తొమ్మిదేళ్లు

సంపాదకులకు నమస్కారం.

నేను హనుమకొండలో 28 ఏళ్లుగా సివిల్ కేసులు చూస్తున్న న్యాయవాదిని. లా ఫర్మ్‌ల వెబ్‌సైట్లలో న్యాయవాదుల గురించి రాసే పరిచయాలపై మీ పాఠకులతో, బార్ కౌన్సిల్ పెద్దలతో కొన్ని విషయాలు చెప్పుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

మా అన్నయ్య కూతురు హైదరాబాద్‌లో ఒక చిన్న ఫర్మ్‌లో జూనియర్‌గా పనిచేస్తోంది. అక్కడ కొత్తగా వెబ్‌సైట్ పెడుతున్నారు. ఆ ఫర్మ్ పెట్టిన పెద్దాయన గురించి వెబ్‌సైట్ తయారుచేసేవాళ్లే ఒక పేరా రాసి ఇచ్చారట. "బాబాయ్, ఇది ఒకసారి చూడు, నాకెందుకో టెన్షన్‌గా ఉంది" అని నాకు పంపింది. అందులో ఇలా ఉంది: "25 ఏళ్ల అపార అనుభవం గల సీనియర్ న్యాయవాది. హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయవాది. భూవివాదాల్లో తిరుగులేని నిపుణులు. 2,000కు పైగా కేసుల్లో విజయం. ప్రముఖ బ్యాంకుల నమ్మకం పొందినవారు. బార్ అసోసియేషన్ మాజీ అధ్యక్షులు. ఉచిత సలహాకు వెంటనే కాల్ చేయండి."

ఇందులో దురుద్దేశం ఎవరికీ లేదు. హోటల్‌కు, కోచింగ్ సెంటర్‌కు ఎలా రాస్తారో లాయర్‌కూ అలాగే రాశారు. కానీ మన వృత్తికి ఇక్కడ వేరే లెక్క ఉంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 36వది న్యాయవాది నేరుగా గానీ, చాటుగా గానీ పని అడుక్కోకూడదని, ప్రకటనలు ఇచ్చుకోకూడదని చెబుతుంది. తాను నడుపుతున్న కేసుల సందర్భంగా పత్రికల్లో ఫొటోలు వేయించుకోవడం కూడా కుదరదు. ఆఫీసు ముందు పెట్టే బోర్డు కూడా తగిన సైజులోనే ఉండాలి. మాజీ జడ్జినని, అసోసియేషన్ అధ్యక్షుడినని, ఫలానా రకం కేసుల్లో స్పెషలిస్టునని ఆ బోర్డు మీద రాయకూడదు.

వెబ్‌సైట్ల సంగతి తర్వాత వచ్చింది. 2008లో ఈ నియమానికి ఒక సడలింపు చేర్చారు. న్యాయవాది తన వెబ్‌సైట్‌లో పేరు, చిరునామా, ఫోన్, ఈమెయిల్ పెట్టుకోవచ్చు. ఎన్‌రోల్‌మెంట్ నంబరు, తేదీ, మొదట ఏ రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో చేరారు, ఇప్పుడు ఏ కౌన్సిల్ రోల్‌లో, అంటే న్యాయవాదుల జాబితాలో ఉన్నారు, ఏ బార్ అసోసియేషన్‌లో సభ్యులు అన్నవి రాయవచ్చు. చదువు, ప్రాక్టీసు చేసే రంగాలు చెప్పవచ్చు. ఇవన్నీ నిజమని ఒక ధ్రువీకరణ ఇవ్వాలి, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు తెలియజేసి ఆమోదం పొందాలి. ఆమోదించిన వివరాలకు మించి ఏది చేర్చినా 36వ నియమాన్ని ఉల్లంఘించినట్టే లెక్క. అప్పుడు అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద చర్య తీసుకోవచ్చు. అది మందలింపుతో ఆగవచ్చు, రోల్ నుంచి పేరు తీసేసేదాకా కూడా పోవచ్చు. వెబ్‌సైట్ తెరవగానే "నన్ను ఎవరూ ఆకర్షించలేదు, నా అంతట నేనే వచ్చాను" అని పాఠకుడితో ఒక బటన్ నొక్కించడం ఇప్పుడు మామూలైంది. ఆ బటన్ వల్ల లోపల ఉన్న అతిశయోక్తి ఒప్పు అయిపోదు.

మా అమ్మాయి పంపిన పేరాను ఈ లెక్కన ఒక్కో మాటా చూశాం.

మొదట "2,000 కేసుల్లో విజయం". ఈ మాట నియమం ఒప్పుకోకపోవడం ఒక సంగతి, అసలు దానికి అర్థమే లేకపోవడం ఇంకో సంగతి. ఒక పార్టిషన్ దావా తీసుకోండి. చెల్లెలు ఆస్తిలో సగం కావాలని వేసింది. కింది కోర్టు మూడో వంతు ఇస్తూ ప్రిలిమినరీ డిక్రీ ఇచ్చింది. అన్న అప్పీలుకు వెళితే పై కోర్టు ఒక పత్రం మళ్లీ చూడమని కేసును వెనక్కి పంపింది. చివరికి ఇద్దరూ లోక్ అదాలత్‌లో రాజీ పడ్డారు. ఇందులో ఏ లాయర్ గెలిచాడు? ఇద్దరూ తమ లెక్కలో వేసుకోవచ్చు, ఇద్దరూ వేసుకోకుండానూ ఉండవచ్చు. అయినా ఊరి నుంచి పాస్‌బుక్ పట్టుకుని వచ్చే రైతు ఆ అంకె చూసి తన కేసూ గెలిచినట్టే అనుకుంటాడు. ఆ ఆశతోనే ఫీజు కడతాడు. అందుకే ఆ వాక్యం మొదట కొట్టేశాం.

"భూవివాదాల్లో తిరుగులేని నిపుణులు" అన్నచోట "ప్రాక్టీసు రంగం: సివిల్" అని పెట్టాం. చేసే పని చెప్పడానికి అనుమతి ఉంది, అందులో తానే గొప్ప అని చెప్పడానికి లేదు. "మాజీ అధ్యక్షులు" తీసేసి సభ్యత్వం మాత్రమే ఉంచాం. బ్యాంకుల మాట పూర్తిగా తీసేశాం. ఏ క్లయింట్ ఎవరి దగ్గరికి వెళ్లాడన్నది ఆ క్లయింట్ సొంత విషయం, అది మన అలంకారం కాదు. ఉచిత సలహా, వెంటనే కాల్ చేయండి అన్నవి నేరుగా పని అడుక్కోవడమే కాబట్టి వాటి గురించి ఆలోచించనే లేదు.

"సుప్రీంకోర్టు న్యాయవాది" దగ్గర ఆగాం. ఆయన రెండుసార్లు ఢిల్లీ వెళ్లి వాదించిన మాట నిజమే. కానీ అక్కడ కేసు దాఖలు చేయాలంటే అడ్వకేట్ ఆన్ రికార్డ్ కావాలి. దానికి ప్రత్యేకంగా పరీక్ష ఉంటుంది, ఆయన ఆ పరీక్ష రాయలేదు. ఈ మాట చదివిన కక్షిదారు తన అప్పీలు ఆయనే వేస్తారని అనుకుంటాడు. అదీ తీసేశాం.

ఇక "సీనియర్ న్యాయవాది". మన తెలుగులో ఈ మాట బాగా దారి తప్పింది. అడ్వకేట్స్ చట్టం 16వ సెక్షన్ ప్రకారం సీనియర్ అడ్వకేట్ అనేది హైకోర్టు గానీ, సుప్రీంకోర్టు గానీ ఇచ్చే హోదా. ఆ హోదా వచ్చినవాళ్లు వకాల్తా వేయరు, కక్షిదారు నుంచి నేరుగా కేసు తీసుకోరు. ఇంకో న్యాయవాది ద్వారానే వాదించడానికి వస్తారు. జుట్టు నెరిసినంత మాత్రాన నేను సీనియర్ అడ్వకేట్‌ను కాను. వయసు మీదపడిన ఏ లాయర్‌నైనా మనం గౌరవంగా "సీనియర్ లాయర్ గారు" అంటాం. కోర్టు వరండాలో అలా అనుకుంటే ఇబ్బంది లేదు. వెబ్‌సైట్‌లో రాస్తే మాత్రం లేని హోదా ఉన్నట్టు చెప్పుకోవడం అవుతుంది.

చివరికి మిగిలింది "25 ఏళ్ల అనుభవం". దాని దగ్గర మా లెక్క తప్పింది, ఈ లేఖ రాయడానికి అసలు కారణం కూడా అదే. ఆయన 1999లో ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయ్యారు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ రోల్‌కు వచ్చారు. 1999 నుంచి లెక్కేస్తే 25 సరిపోతుంది. కానీ మధ్యలో 2003 నుంచి 2012 వరకు ఒక బ్యాంకులో లా ఆఫీసర్‌గా ఉద్యోగం చేశారు. పూర్తికాలం జీతం తీసుకునే ఉద్యోగంలో చేరినవాళ్లు బార్ కౌన్సిల్‌కు తెలియజేసి, ఆ ఉద్యోగం ఉన్నన్నాళ్లు ప్రాక్టీసు ఆపాలని 49వ నియమం చెబుతుంది. ఆయన పద్ధతిగా అలాగే చేశారు. అంటే కోర్టులో నిలబడిన కాలం పదహారేళ్లే. అమ్మాయి వెళ్లి ఈ సంగతి చెబితే ఆయన వెంటనే "అవునమ్మా, ఆ తొమ్మిదేళ్లు నేను గౌన్ వేసుకోలేదు, తీసేయండి" అన్నారట. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

25 అనే అంకె తీసేశాం సరే, తర్వాత ఏం రాయాలి? అనుమతించిన వివరాల పట్టికలో ఎన్‌రోల్‌మెంట్ తేదీ ఉంది కాబట్టి అది రాయాల్సిందే. "1999" అని చూడగానే ఎవరైనా పాతికేళ్లు అనే అనుకుంటారు. దాన్ని సరిచేస్తూ "2003 నుంచి 2012 వరకు ప్రాక్టీసు నిలిపివేశారు" అని ఒక్క నిజమైన వాక్యం చేర్చుదామంటే ఆ పట్టికలో దానికి చోటే లేదు. పట్టికకు మించి రాసింది ఏదైనా ఉల్లంఘనే అని నియమం అంటోంది. అంటే నియమాన్ని అక్షరాలా పాటించిన పేజీ కూడా చదివేవాళ్లకు తప్పు అభిప్రాయం కలిగిస్తుంది. ఉద్యోగం చేసి వచ్చినవాళ్లు, పిల్లల పెంపకం కోసం, ఆరోగ్యం కోసం కొన్నేళ్లు ప్రాక్టీసు ఆపినవాళ్లు మా బార్‌లోనే చాలామంది ఉన్నారు. అది తప్పేమీ కాదు. కానీ డబ్బు కట్టి కేసు అప్పగించే మనిషికి ఆ సంగతి తెలియాలి.

ఈ విషయంలో బయట వేరే రక్షణ కూడా పెద్దగా లేదు. న్యాయవాదుల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని సుప్రీంకోర్టు 2024 మే నెలలో చెప్పింది. ఆ తీర్పును నేను వ్యతిరేకించడం లేదు. దాని వల్ల ఫిర్యాదు చేసుకునే ముఖ్యమైన చోటు బార్ కౌన్సిలే అయింది. అదే ఏడాది జులైలో మద్రాస్ హైకోర్టు, సేవలు వెతికిపెట్టే వెబ్‌సైట్లలో లాయర్లను అంగడి సరుకులా చూపించడంపై కఠినంగా మాట్లాడింది, చర్యలు తీసుకోవాలని బార్ కౌన్సిల్‌ను ఆదేశించింది. బయటి సైట్లను కట్టడి చేస్తున్నప్పుడే మన సొంత పేజీలను కూడా సరిచేసుకుంటే బాగుంటుంది.

అందుకని నేను కోరేది చిన్న మార్పు. ఆ పట్టికలో ఎన్‌రోల్‌మెంట్ తేదీ కిందే "ప్రాక్టీసు నిలిపివేసిన కాలం" అని ఒక గడి చేర్చాలి. ఎవరూ దాచుకోకుండా అది తప్పనిసరి చేయాలి. ఆ వివరం రాష్ట్ర బార్ కౌన్సిల్ రికార్డులో ఎలాగూ ఉంటుంది కాబట్టి సరిచూడటం కష్టం కాదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిళ్లు తెలుగులో ఒక నమూనా ప్రొఫైల్ తయారుచేసి అన్ని బార్ అసోసియేషన్లకు పంపితే ఇంకా మేలు. మా అమ్మాయి లాంటి జూనియర్లకు ఏది రాయవచ్చో, ఏది రాయకూడదో చెప్పేవాళ్లు లేక, వెబ్‌సైట్ తయారుచేసేవాళ్లు ఇచ్చిందే పెట్టేస్తున్నారు.

మీ పత్రికకు కూడా ఒక మనవి. మీ జిల్లా పేజీల్లో వారానికి రెండు మూడు సార్లయినా "సీనియర్ న్యాయవాది" అన్న మాట కనిపిస్తోంది. అలా రాసే ముందు ఆయనకు హైకోర్టు ఆ హోదా ఇచ్చిందో లేదో మీ విలేకరి ఒకసారి ఆయన్నే అడిగితే సరిపోతుంది. ఇవ్వకపోతే పేరు ముందు "న్యాయవాది" అని రాయండి.

– ఒక న్యాయవాది, హనుమకొండ
(పేరు, ఫోన్ నంబరు ప్రచురించవద్దని మనవి)