ఒకే బిట్‌కు రెండు సరైన జవాబులుంటే తప్పు పిల్లలదా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇంగ్లిష్ చెబుతాను. ఈ మధ్య మా పదో తరగతి పిల్లలకు ఒక మోడల్ పరీక్ష పెట్టాం. ప్రశ్నపత్రమూ కీ రెండూ బయటి నుంచే వచ్చాయి. అందులో ఒక బిట్: ‘వుయ్ ––– వేర్ యూనిఫాం ఎట్ స్కూల్’. ఆప్షన్లు మస్ట్, హావ్ టు, ఆట్, నీడ్. కీలో ఉన్న జవాబు హావ్ టు. మస్ట్ అని పెట్టిన పిల్లలందరికీ కీ ప్రకారం నేనే మార్కు కొట్టేశాను.

పేపర్లు ఇచ్చిన రోజు ఒక అమ్మాయి నా దగ్గరికొచ్చి, ‘సార్, మన గేటు పక్కన గోడ మీద స్టూడెంట్స్ మస్ట్ వేర్ యూనిఫాం అనే కదా రాసుంది’ అంది. ఆ గోడ మీది అక్షరాలు రోజూ చూస్తూనే ఉన్నాను. ఆ పిల్ల అడిగినదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

క్లాసులో మేం చెప్పే సూత్రం ఇది: మాట్లాడేవాడే ‘ఇలా చేయాలి’ అని గట్టిగా చెబితే మస్ట్, బయటి రూలు వల్ల చేయక తప్పకపోతే హావ్ టు. సూత్రంలో నిజం ఉంది. హెడ్మాస్టరు గారు నోటీసు రాస్తే మస్ట్ అని రాస్తారు. అదే రూలు గురించి ఒక పిల్లవాడు చుట్టాలబ్బాయితో చెప్పుకుంటే హావ్ టు అంటాడు. కానీ పై బిట్‌లో మాట్లాడుతున్నది ఎవరు? వాక్యంలో ఆ సంగతి లేదు. పైగా ఇంగ్లిష్ ఇంట్లో మాట్లాడుకునేవాళ్లు కూడా ఇలాంటి చోట రెండూ వాడతారు. కాబట్టి ఆ ప్రశ్నకు రెండు సరైన జవాబులున్నాయి. ఆట్ పెట్టిన పిల్లలది మాత్రం తప్పే, ఎందుకంటే దాని వెనక టు ఉండి తీరాలి.

మస్ట్‌కూ హావ్ టుకూ అసలు తేడా తెలిసేది ‘కాదు’ అన్నప్పుడు. యు మస్ట్ నాట్ గో అంటే వెళ్లకూడదు. యు డోంట్ హావ్ టు గో అంటే వెళ్లనక్కర్లేదు, వెళ్లినా ఫర్వాలేదు. ఇక్కడ ఒకదాని బదులు ఇంకొకటి పెడితే అర్థమే మారిపోతుంది. పిల్లలకు ఈ తేడా తెలుసో లేదో చూడాలంటే ఇక్కడ అడగాలి. ‘రేపు సెలవు, యు ––– కమ్ టు స్కూల్’ అన్న అర్థంతో వాక్యం ఇచ్చి, ఆప్షన్లుగా ఈ రెండే పెడితే డోంట్ హావ్ టు తప్ప ఇంకోటి పట్టదు, ఎవరూ గొడవ పడరు.

జరిగిపోయిన పనుల సంగతికి వస్తే మన తెలుగే పిల్లలకు సాయం చేస్తుంది. ‘నువ్వు గొడుగు తేవాల్సింది’ అంటే తేలేదని అర్థం. అది షుడ్ హావ్ బ్రాట్. ఆట్ టు హావ్ బ్రాట్ అన్నా అంతే. ‘తేవాల్సి వచ్చింది’ అంటే తెచ్చాడు, తప్పనిసరై తెచ్చాడు. అది హ్యాడ్ టు బ్రింగ్. ఇక్కడ మస్ట్ హావ్ బ్రాట్ అని రాసే పిల్లలు చాలామంది. దానర్థం ‘తెచ్చే ఉంటాడు’ అని, అంటే మన ఊహ మాత్రమే.

ఎక్కువగా తడబడేది నీడ్‌న్ట్ హావ్ దగ్గర. దాన్ని ‘తేనక్కర్లేదు’ అని నేర్పితే, అసలు తెచ్చాడో లేదో పిల్లలకు తెలియదు. ‘అనవసరంగా తెచ్చావు’ అని చెప్పి చూడండి, వెంటనే పట్టుకుంటారు. యు నీడ్‌న్ట్ హావ్ బ్రాట్ యాన్ అంబ్రెల్లా అంటే తెచ్చాడు, అవసరం పడలేదు. డిడ్‌న్ట్ నీడ్ టు బ్రింగ్ అంటే అవసరం లేదన్నంతవరకే. తెచ్చాడో లేదో అది చెప్పదు, మామూలుగా తేలేదనే అనుకుంటాం.

అదే పరీక్షలో దీని మీదా ఒక బిట్ వచ్చింది: ‘యు ––– బ్రాట్ యాన్ అంబ్రెల్లా’. ఆప్షన్లలో నీడ్‌న్ట్ హావ్, షుడ్‌న్ట్ హావ్ రెండూ ఉన్నాయి. మొదటిది అనవసరంగా తెచ్చావని, రెండోది తేకుండా ఉండాల్సిందని. వ్యాకరణం ప్రకారం రెండూ కుదురుతాయి. ముందు ‘తెచ్చినందుకు తప్పేం లేదు, కానీ మా ఇంట్లో రెండు గొడుగులున్నాయి’ అన్న అర్థంలో ఒక్క వాక్యం చేర్చి ఉంటే షుడ్‌న్ట్ హావ్ దానంతటదే తప్పుకునేది. తప్పేం లేదంటూనే తప్పుపట్టరు కదా.

ప్రశ్నలు తయారు చేసేవారికి నా మనవి రెండే. మస్ట్, హావ్ టు, నీడ్ లాంటి మాటల మీద బిట్ ఇస్తే, మాట్లాడేదెవరో, పని జరిగిందో లేదో తెలిసేలా ముందు ఒక వాక్యం ఇవ్వండి. అలా ఇవ్వకపోతే, కుదిరే జవాబులన్నీ కీలో రాయండి. మా బడిలో ఆ యూనిఫాం బిట్‌కు మస్ట్ రాసిన పిల్లలకు ఆ మార్కు తిరిగి కలిపాను. మిగతా బడుల్లోనూ కలపాలంటే, కీ పంపినవాళ్లే దాన్ని సరిదిద్ది మళ్లీ పంపాలి.

– ఒక ఇంగ్లిష్ ఉపాధ్యాయుడు, మహబూబ్‌నగర్ జిల్లా