ఒకే రాశి, రెండు చివర్లు

ఒరేయ్ సుబ్బూ,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాన్రా. ఇద్దరం రెండు రోజుల తేడాలో పుట్టాం, ఇద్దరిదీ వృశ్చిక రాశే, మరి పేపర్లో రాశిఫలం ఇద్దరికీ ఒకేలా ఎందుకు జరగట్లేదని కదా నీ గోల. జాతకాలు రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. నా చంద్రుడు వృశ్చికంలో 2వ డిగ్రీ దగ్గర, నీవాడు 28 దగ్గర. చంద్రుడు రోజుకు సుమారు 13 డిగ్రీలు నడుస్తాడు కాబట్టి రెండు రోజుల్లో రాశిని ఈ చివర నుంచి ఆ చివరకు దాటేస్తాడు.

రాశిని పది పది డిగ్రీలుగా కోస్తే మూడు ద్రేక్కాణాలు. మొదటిది అదే రాశిది, రెండోది అక్కడి నుంచి అయిదోదానిది, మూడోది తొమ్మిదోదానిది. అంటే వృశ్చికంలో వరసగా వృశ్చికం, మీనం, కర్కాటకం. చంద్రుడు వృశ్చికంలో నీచుడు, అంటే బలం తక్కువ, అందులోనూ 3వ డిగ్రీ దగ్గర పరమ నీచ. నేను సరిగ్గా ఆ గుంటలో పడ్డాను! నువ్వు దాన్ని దాటిపోయి కర్కాటక ద్రేక్కాణంలో, అంటే చంద్రుడి సొంత ఇంటి ముక్కలో కూర్చున్నావు. అయినా మరీ ఎగరకు. నాది విశాఖ నాలుగో పాదం, రాశిని తొమ్మిది ముక్కలు చేసే నవాంశలో అదీ కర్కాటకమే. నీది జ్యేష్ఠ నాలుగో పాదం, రాశీ నక్షత్రమూ ఒకేసారి ముగిసే చోటు, దోషమని చెప్పే గండాంతం. మీ అమ్మమ్మ శాంతి చేయించిందని నువ్వే చెప్పావుగా.

అసలు తేడా దశల్లో ఉందిరా. పుట్టినప్పుడు చంద్రుడున్న నక్షత్రంలో ఎంత వంతు మిగిలితే, ఆ నక్షత్రాధిపతి దశలో అంతే దక్కుతుంది. నాకు విశాఖలో పదో వంతే మిగిలింది, కాబట్టి పదహారేళ్ల గురుదశలో దక్కింది ఏడాదీ ఏడు నెలలు. ఆ తర్వాత పంతొమ్మిదేళ్లు శని. చదువుకునే వయసంతా అందులోనే పోయింది. నీకు బుధదశ రెండున్నరేళ్లు, కేతువు ఏడేళ్లు, ఆపైన ఇరవై ఏళ్ల శుక్రదశ. కాలేజీలో నీ షోకులు గుర్తున్నాయిలే.

ఏలినాటి శని కూడా అంతే. శని 2014 నవంబరులో వృశ్చికంలోకి వచ్చి, ఆ నెలలోనే నా చంద్రుడి మీదుగా నడిచాడు. నీ చంద్రుడి దగ్గరికి వచ్చేసరికి 2017 జనవరి. పేపరువాడికి మాత్రం మనిద్దరం ఒకటే.

ఒక మెలిక ఉంది. రాశిచక్రం ఎక్కడ మొదలవుతుందో తేల్చే లెక్కే అయనాంశ, ఇదంతా లాహిరి అయనాంశతో వేసింది. రామన్ అయనాంశ తీసుకుంటే చంద్రుడు సుమారు ఒకటిన్నర డిగ్రీ ముందుకు జరుగుతాడు. విశాఖ 3 డిగ్రీల 20 కళల దగ్గర అయిపోతుంది కనుక నేను అనూరాధలోకి దూకేస్తాను, పుట్టుకతోనే శనిదశ. ద్రేక్కాణం మాత్రం మారదు. అంచు మీదున్న గ్రహంతో ఇదే టెన్షన్.

లగ్న ద్రేక్కాణం నీకు చెప్పలేకపోయాను. లగ్నం పది డిగ్రీలు కదలడానికి నలభై నిమిషాలు చాలు, మీ అమ్మగారేమో పాలవాడు వచ్చే వేళకు పుట్టావంటారు. ఆసుపత్రి చీటీ ఎక్కడైనా దొరుకుతుందేమో ఇనప్పెట్టెలో వెతికి పంపు.

నీ
శీను