అరగంట విరామంలో మిగిలింది 7 నిమిషాలు

సంపాదకులకు,

అక్టోబరు 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. కిందటేడు ఆ రోజు మా కంపెనీ క్యాంటీన్ గోడకి ఒక నోటీసు అంటించారు. పని మధ్యలో నిజమైన విరామం తీసుకోండి, మనసు కుదుటపడుతుంది అని అందులో ఉంది. మంచి మాటే. దాంతోపాటు ఒత్తిడి గురించి ఒక ఉపన్యాసం కూడా ఏర్పాటు చేశారు. ఎప్పుడు పెట్టారంటే, భోజన విరామంలో. కంచాలు చేత్తో పట్టుకుని నిలబడి, విశ్రాంతి ఎంత అవసరమో విన్నాం.

నేను పైడిభీమవరం పారిశ్రామికవాడలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. కాపురం శ్రీకాకుళంలో. పదకొండేళ్లుగా ఎ, బి, సి షిఫ్టుల మధ్య తిరుగుతున్నాను. ఆ నోటీసు చదివాక ఒక పని చేశాను. మా దగ్గర బ్రేక్ అరగంట అంటారు కదా, ఆ అరగంట ఎటు పోతోందో వారం రోజులు గడియారం చూసి రాసుకున్నాను.

బి షిఫ్ట్ మధ్యాహ్నం రెండింటికి మొదలై రాత్రి పదికి అయిపోతుంది. బ్రేక్ సాయంత్రం ఆరున్నరకి. మాత్రల్ని రేకుల్లో పెట్టి అతికించే బ్లిస్టర్ మెషీన్ మీద ఉన్న ఆపరేటర్ మెషీన్ ఆపి, బోర్డు తిప్పి, లాగ్‌బుక్‌లో టైము వేసి సంతకం పెట్టేసరికి 2 నిమిషాలు. ఛేంజ్ రూముకొచ్చి గ్లౌజులు, మాస్కు, టోపీ, గౌను విప్పి, అడ్డంగా ఉన్న బల్ల దాటి తన చెప్పులు వేసుకునేసరికి ఇంకో 4. క్యాంటీన్‌కి నడక 3. మూడు విభాగాలవాళ్లూ ఒకేసారి వస్తారు కాబట్టి వరసలో 5. అంటే కంచం చేతికొచ్చేసరికే 14 నిమిషాలు పోయాయి. తిరుగు నడక 3. చేతులు కడుక్కుని ఆరబెట్టుకుని, మళ్లీ గౌను, టోపీ, మాస్కు, గ్లౌజులు వేసుకోడానికి 5. లాగ్‌బుక్‌లో మళ్లీ టైము వేసి మెషీన్ ఎక్కడానికి 1. అది ఇంకో 9 అయింది. మొత్తం 23 పోగా తిండికి, నీళ్లకి, బాత్‌రూముకి కలిపి మిగిలింది 7 నిమిషాలు.

మా ఆపరేటర్‌ని ఒకరోజు తిన్నావా అని అడిగితే, "తిండవేటి సార్, మింగీసి వచ్చీసినాను" అన్నాడు. అప్పుడు నవ్వేశాను. లెక్క వేసుకున్నాక నవ్వు రాలేదు.

ఇది చట్టం తెలియక జరుగుతున్నది కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 55వ సెక్షన్ మనిషి చేత ఏకబిగిన 5 గంటలకి మించి పని చేయించకూడదని, మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని రాసింది. పని గంటల మీద తర్వాత వచ్చిన సవరణల సంగతి, 2025లో ఆ చట్టం స్థానంలో వచ్చిన కొత్త కార్మిక స్మృతి సంగతి అలా ఉంచండి. 55వ సెక్షన్‌లో రాసిన మాట విశ్రాంతి. మా దగ్గర మాత్రం మెషీన్ ఆగిన క్షణం నుంచి మెషీన్ తిరిగిన క్షణం దాకా లెక్కపెట్టి దాన్నే విశ్రాంతి అంటున్నాం. గౌను విప్పడం, వేసుకోవడం మందుల తయారీలో శుభ్రతా నియమం. అది కంపెనీ పని, మనిషి తీరిక కాదు. అయినా ఆ టైము మనిషి ఖాతాలోంచే కోస్తున్నాం. కోస్తున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

మిగిలిన ఆ 7 నిమిషాలకి ఇంకో ఎసరుంది. లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, లాకర్లో పెట్టాలి. బ్రేక్‌లో లాకర్ తీయగానే ఇంటి దగ్గర్నుంచి వచ్చిన మిస్డ్ కాల్స్, వాటి మీద షిఫ్ట్ గ్రూపులో మెసేజీలు. రేపటి బ్యాచ్ నంబర్, నిన్నటి తేడా మీద వివరణ, ఎవరో రాలేదు ఎవరు ఉంటారు అని ప్రశ్న. ఆ మెసేజీల్లో సగం నేను పెట్టినవే. ఎడమ చేత్తో ఫోను, కుడి చేత్తో ముద్ద. ఒళ్లు బల్ల దగ్గరుంటే బుర్ర లైను దగ్గరే ఉంటుంది.

టొరంటో విశ్వవిద్యాలయం వైపు పరిశోధకులు ఆఫీసు ఉద్యోగుల భోజన విరామాల మీద చేసిన ఒక అధ్యయనం 2014లో అచ్చయింది. మధ్యాహ్నం తీరిగ్గా గడిపినవాళ్లకి సాయంత్రానికి అలసట తక్కువగా ఉంది. పని చేస్తూ తిన్నవాళ్లకి ఎక్కువ. ఇంతవరకు ఎవరైనా ఊహించేదే. నన్ను ఆపిన సంగతి వేరు. ఆ టైములో ఏం చేయాలో తనే తేల్చుకునే వీలు లేనప్పుడు, నలుగురితో కలిసి కూర్చోవడం కూడా అలసటే తెచ్చింది. భోజనం వేళ బలవంతపు ఉపన్యాసం పెడితే ఏమవుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

మా విభాగంలో ఒక ప్రయత్నం జరిగింది, దాని గురించే అసలు ఈ ఉత్తరం. మావి మూడు ప్యాకింగ్ లైన్లు. ముగ్గురు ఆపరేటర్లనీ ఒకేసారి పంపకుండా, అయిదుంపావుకి ఒకర్ని, ఆరింటికి ఇంకొకర్ని, ఆరూ నలభై అయిదుకి మూడో మనిషిని పంపాం. మూడు లైన్లూ తెలిసిన ఒక రిలీవర్ ఒక్కొక్కరి స్థానంలో 45 నిమిషాలు నిలబడ్డాడు. అరగంటని ఛేంజ్ రూము గుమ్మం దాటిన దగ్గర్నుంచి లెక్కపెట్టి, మళ్లీ ఆ గుమ్మం దగ్గరే ఆపాం. రానూపోనూ నడక 6 నిమిషాలు, వరస తగ్గిపోయింది కాబట్టి క్యాంటీన్‌లో 2. అరగంటలో 22 నిమిషాలు చేతికొచ్చాయి. రెండో వారానికే ఒకతను తినేసి బయట వేపచెట్టు కింద ఊరికే కూర్చోవడం చూశాను. ఫోను కూడా తీయలేదు.

ఖర్చు లేదని అనను. రిలీవర్‌కి ఒక షిఫ్టులో రెండుంపావు గంటలు ఇందులోనే పోతాయి, మిగతా టైములో వేరే తనిఖీలు చేస్తాడు. మూడు లైన్ల పద్ధతుల మీదా అతనికి ముందే శిక్షణ ఇచ్చి, రికార్డులో సంతకాలు ఉండాలి. లేకపోతే ఆడిట్‌లో దొరికిపోతాం. దానికి కొన్ని వారాలు పట్టింది. కానీ మెషీన్ ఆగడం లేదు. ముందు రోజూ లైనుకి అరగంట చొప్పున ఆగేది కదా, ఆ లెక్క మేనేజరు చెవిన వేస్తేనే ఒప్పుకున్నారు. మనసు, ప్రశాంతత అని చెప్పి ఉంటే ఒప్పుకునేవారు కాదేమో.

తేడా తెలిసింది కాగితాల్లోనే. బ్రేక్ తీసుకున్నావా అని అడిగితే అందరూ తీసుకున్నాం సార్ అనే అంటారు, అది నమ్మడానికి లేదు. ఆపరేటర్లు లైను మీద రాసే బ్యాచ్ రికార్డు చూడాలి. తప్పు పడితే గీత కొట్టి, పక్కన సంతకం, తేదీ వేసి మళ్లీ రాయాలి. పాత పద్ధతిలో ఆ కొట్టివేతలు రాత్రి ఎనిమిదిన్నర తర్వాతే గుంపుగా కనపడేవి. గంట గంటకీ చేయాల్సిన లీక్ టెస్టు గళ్లలో మూడు గంటలవి ఒకే సిరాతో, ఒకే వాలుతో ఉన్నాయంటే, అవి చూసి రాసినవి కావు, గుర్తు తెచ్చుకుని రాసినవి. రిలీవర్ ఉన్న రోజుల్లో అలాంటి పేజీ నా చేతికి రావడం తగ్గింది.

ఆరు వారాలు నడిచింది. తర్వాత సిరిమానోత్సవం వారం వచ్చింది. విజయనగరం వైపు నుంచి వచ్చేవాళ్లు మాకు చాలామంది, పైడితల్లి పండక్కి సెలవు అడిగితే ఎవరు కాదంటారు? మనుషులు చాలక రిలీవర్‌ని తీసుకెళ్లి ఒక లైను మీద నిలబెట్టాం. పండగ అయింది, సెలవులవాళ్లు వచ్చారు, అతను మాత్రం రిలీవర్ పనిలోకి తిరిగి రాలేదు. ఆ లైను అతనికి అలాగే ఉండిపోయింది. సెలవులకి ప్రత్యామ్నాయం, విరామాలకి రిలీవర్ ఒక్కడే అయితే, మనిషి తగ్గిన రోజున ముందు పోయేది విరామమే. లైను ఆగితే పైనుంచి ఫోను వస్తుంది, విరామం పోతే ఎవరూ ఫోను చేయరు. ఆ రెండు పనులకీ ఇద్దరు వేరు వేరు మనుషులు ఉండాలి.

ఇక సి షిఫ్ట్. తెల్లవారుజామున మూడు, అయిదు మధ్య ఒంటికి సహజంగానే మగత. దూరప్రయాణ విమానాల పైలట్ల మీద నాసా చేసిన పరిశీలనలో 40 నిమిషాలు విశ్రాంతికి వీలిస్తే వాళ్లు సగటున 26 నిమిషాలు నిద్రపోయారు, ఆ తర్వాత చురుగ్గా ఉన్నారు. మా దగ్గర బ్రేక్‌లో కళ్లు మూసుకున్నా డ్యూటీలో నిద్ర అని మెమో. అందుకని మనిషి కునుకు మానేయడు, బాత్‌రూములో గోడకి ఆనుకుని తీస్తాడు. విశ్రాంతి గది ఉంది, 150 మందికి మించి పనిచేసే చోట ఉండాలని ఆ 1948 చట్టమే చెప్పింది. మా గదిలో పాత అట్టపెట్టెలు నిలవ చేశారు. ఆ పెట్టెలు తీసేసి, రాత్రి బ్రేక్‌లో 20 నిమిషాలు పడుకోవచ్చని కాగితం మీద రాసివ్వాలి. ఒక జాగ్రత్త ఉంది. లేచిన వెంటనే మెషీన్ మీదికి పంపకూడదు, పది పదిహేను నిమిషాలు మత్తు వదలదు.

విరామంతో తీరనివి కూడా ఉంటాయి. రెండు వారాలుగా నిద్ర లేక, దేని మీదా ఆసక్తి లేక కూలబడిపోతున్న మనిషిని వేపచెట్టు కింద కూర్చోమంటే సరిపోదు. డాక్టరు చూడాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబరు మా నోటీసులో లేదు. నేను పెన్నుతో రాశాను.

ఫ్యాక్టరీల శాఖ అధికారులకి మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. తనిఖీకి వచ్చినప్పుడు అటెండెన్సు మీద విరామం టైము చూసి సంతకం పెట్టకండి. బి షిఫ్ట్ బ్రేక్‌కి అయిదు నిమిషాల ముందు ఛేంజ్ రూము గుమ్మం దగ్గర నిలబడండి. ఒక ఆపరేటర్ ఎప్పుడు బయటికొచ్చాడు, ఎప్పుడు లోపలికెళ్లాడు రాసుకోండి. తర్వాత ఆ అరగంట అతని లైను మీద ఎవరున్నారో లాగ్‌బుక్‌లో చూపించమనండి. మా దగ్గరికి వస్తే లాగ్‌బుక్ నేనే తీసిస్తాను.

ఇట్లు,
ఒక షిఫ్ట్ సూపర్‌వైజర్,
శ్రీకాకుళం