తట్టుకూ ఫ్లూకూ ఒకే శాతం చెప్పకండి

సంపాదకులకు,

పోయిన వారం మీ జిల్లా పేజీలో టీకాల మీద వచ్చిన వార్త గురించి రాస్తున్నాను. సవరణ వేస్తారేమోనని రోజూ చూశాను, వేయలేదు. తట్టు టీకా మొదటి డోసు 91 శాతం పిల్లలకు పడిందట, 70 శాతం దాటితే జబ్బు పాకకుండా ఆపే సామూహిక రక్షణ, అదే హెర్డ్ ఇమ్యూనిటీ, వచ్చేసినట్టేనట, తల్లిదండ్రులు టెన్షన్ పడక్కర్లేదట. ఒక అధికారి చెప్పారు, మీ విలేకరి అలాగే రాసేశారు. ఆ 70 కరోనా రోజుల్లో విని విని అందరి నోళ్లలో ఉండిపోయిన అంకె. తట్టుకు దానితో ఏం సంబంధం?

జబ్బు జబ్బుకీ ఈ లెక్క మారుతుంది. ఎవరికీ రక్షణ లేని చోట ఒక తట్టు రోగి సగటున 12 నుంచి 18 మందికి అంటిస్తాడు. 15 అనుకుందాం. ఆ 15 మందిలో 14 మందికి ముందే రక్షణ ఉంటే ఒక రోగి నుంచి ఒక్కరికే పాకుతుంది, ఆ పైన ఇంకొంచెం రక్షణ ఉంటే జబ్బు ముందుకు సాగలేక ఆగిపోతుంది. 15లో 14 అంటే 93 శాతం. మామూలు ఫ్లూ రోగి అయితే సుమారు 1.3 మందికి అంటిస్తాడు, 1.5 అనుకున్నా ఇద్దరు రోగుల నుంచి ముగ్గురికి వస్తుంది, ఆ ముగ్గురిలో ఒకరికి రక్షణ ఉంటే చాలు. అంటే 33 శాతం. ఇంత తేడా ఎందుకంటే, తట్టు రోగి గదిలోంచి వెళ్లిపోయాక కూడా ఆ వైరస్ రెండు గంటల దాకా గాలిలో ఉండగలదు, పైగా ఒంటిమీద దద్దుర్లు కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది. ఫ్లూ విషయంలో పెద్దవాళ్లలో చాలామందికి పాత సీజన్ల వల్ల కొంత రక్షణ ముందే ఉంటుంది.

ఆ వార్తలో అసలు తప్పు ఇంకొకటి ఉంది. టీకా వేయించుకున్నవాళ్ల శాతం వేరు, రక్షణ వచ్చినవాళ్ల శాతం వేరు. తొమ్మిది నెలలకు వేసే మొదటి డోసు వందలో సుమారు 85 మందికే పనిచేస్తుంది. 91 మందికి వేస్తే రక్షణ వచ్చేది 77 మందికి, మిగిలింది 23 మంది. ఒక రోగి నుంచి 15 మంది పిల్లలకు వైరస్ చేరితే అందులో ముగ్గురు నలుగురికి అంటుతుంది. జబ్బు ఆగదు, పెరుగుతుంది. రెండో డోసు కూడా పడితే 97 మందికి పనిచేస్తుంది, అందుకే రెండు డోసులూ 95 శాతం దాటాలంటారు. మరి రెండో డోసు ఎంతమందికి పడిందో వార్తలో ఒక్క ముక్క లేదు! అధికారి చెప్పలేదు, విలేకరి అడగలేదు. ఈమధ్య ఆరోగ్య వార్తలన్నీ ఇలాగే ఉంటున్నాయి, కాగితం చదివి వినిపిస్తారు, వీళ్లు రాసుకుంటారు.

33 శాతమే కదా అని ఫ్లూని తేలిగ్గా తీసుకోవడానికీ లేదు. ఆ టీకా మంచి ఏడాదిలో 40 నుంచి 60 శాతం పనిచేస్తుంది. సగం అనుకుంటే, 33 మందికి రక్షణ రావాలంటే 66 మందికి వేయాలి. వైరస్ మారిపోయి టీకా 30 శాతమే పనిచేసిన ఏడాది వందకు వంద మందికి వేసినా ఆ గీత దాటలేం. అదీ ప్రతి ఏడాదీ మళ్లీ వేయాలి. అందుకే ఫ్లూ టీకా ముఖ్యంగా వృద్ధులను, గర్భిణులను, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లను కాపాడుకోవడానికి వేస్తారు. పక్కవాళ్లు వేయించుకుంటారులే అని వీళ్లు ఊరుకోకూడదు.

తట్టు దగ్గర లెక్క తప్పితే ఏమవుతుందో సమోవా దేశం చూసింది. 2018లో నర్సులు మందు తప్పుగా కలపడం వల్ల ఇద్దరు పసిపిల్లలు చనిపోయారు, జనం భయపడ్డారు, టీకాలు కొన్నాళ్లు ఆపేశారు. పసిపిల్లల్లో తట్టు టీకా 31 శాతం దగ్గరకు పడిపోయింది. 2019లో తట్టు వచ్చింది. రెండు లక్షల జనాభాలో 5,700 మందికి పైగా జబ్బుపడ్డారు, 83 మంది పోయారు, ఎక్కువమంది ఐదేళ్లలోపు పిల్లలే.

జిల్లా సగటు కూడా నమ్మదగింది కాదు. జిల్లా మొత్తం 95 ఉన్నా ఒక ఇటుక బట్టీ దగ్గర, ఒక తండాలో, ఒక బస్తీలో 60 ఉంటే తట్టు అక్కడ అంటుకుంటుంది. తొమ్మిది నెలలు నిండని పిల్లలు అక్కడా ఉంటారు. బ్లడ్ క్యాన్సర్‌కు చికిత్స తీసుకుంటున్న పిల్లలకు ఈ టీకా అసలు వేయకూడదు, వాళ్లకు చుట్టూ ఉన్నవాళ్ల రక్షణే దిక్కు.

కాబట్టి ఆ వార్తకు సవరణ వేయండి, అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో. రెండో డోసు లెక్క సబ్‌సెంటర్ల వారీగా ఇమ్మని అధికారులను అడగండి, ఇచ్చింది ఇచ్చినట్టు అచ్చు వేయండి. ఏ ఊళ్లో ఎంతమంది పిల్లలు మిగిలిపోయారో ఏఎన్ఎంల రిజిస్టర్లలో ఉంటుంది.

– విశ్రాంత హెల్త్ సూపర్‌వైజర్