తమ్ముడికి, ఆ మెయిల్ సంగతి

ఒరేయ్ చిన్నా,

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. అమ్మేమో ఫోన్‌లో "వాడు రాత్రి నుంచి సరిగ్గా తినట్లేదు, ఏదో మెయిల్ తప్పు పోయిందట" అని ఒకటే గోల. ఫోన్‌లో చెబితే సగం వింటావని రాస్తున్నాను.

నాకు అర్థమైంది ఇదీ. నిన్న పొద్దున ఇంటర్వ్యూ అయ్యాక గచ్చిబౌలి కంపెనీ వాళ్లకి రాసిన థాంక్యూ మెయిల్‌నే కాపీ చేసి, సాయంత్రం ఇంటర్వ్యూ చేసిన మాదాపూర్ కంపెనీ వాళ్లకి పంపావు. పైన ఇంటర్వ్యూ చేసిన మేడమ్ పేరు పెట్టావు, సబ్జెక్టూ మార్చావు. రెండో పేరాలో మాత్రం గచ్చిబౌలి కంపెనీ పేరు అలాగే ఉండిపోయింది. పైగా హెచ్‌ఆర్ కూడా సీసీలో ఉంది.

వెనక్కి తీసుకోవచ్చా అని అడిగావు. కుదరదు. జీమెయిల్‌లో పంపాక అన్‌డూ కొట్టడానికి మహా అయితే 30 సెకన్లు, అదీ సెట్టింగ్స్‌లో ముందే పెంచుకుంటేనే. మామూలుగా 5 సెకన్లే. అవుట్‌లుక్‌లో రీకాల్ ఉంటుంది గానీ, అది ఒకే సంస్థలో ఉన్నవాళ్ల మధ్యే పనిచేస్తుంది. బయటివాళ్లకి వెళ్లిన మెయిల్ వెళ్లినట్టే.

పేరులో ఒక అక్షరం తప్పితే నేనైతే వదిలెయ్యమనేదాన్ని. ఇక్కడ నాకు "డియర్" అని పెట్టి మన ఇంటిపేరుతో ఎన్ని మెయిల్స్ వస్తాయో! వీడియో కాల్‌లో ఇంటిపేరు ముందు కనిపిస్తుంది, వాళ్లు అదే నా పేరనుకుంటారు. దానికి ఎవరూ ఏమీ అనుకోరు. కంపెనీ పేరు మారడం అలా కాదు. చదివినవాళ్లకి ముందు తట్టేది "ఇదే మెయిల్ అందరికీ పంపుతున్నాడు" అనే. నీది టెస్టింగ్ ఉద్యోగం కాబట్టి ఇంకాస్త చురుక్కుమంటుంది. అందుకే దిద్దాలి, అదీ ఈరోజే.

సెంట్‌లో ఆ మెయిల్ తెరిచి రిప్లై ఆల్ కొట్టు. కొత్త మెయిల్ వద్దు, దేని గురించో వాళ్లు వెతుక్కోవాలి. హెచ్‌ఆర్‌ని తీసెయ్యకు, తప్పు చూసినవాళ్లందరూ దిద్దుబాటు కూడా చూడాలి. మేడమ్ పేరు ఇంటర్వ్యూ ఇన్వైట్‌లో ఎలా ఉందో అలాగే కాపీ చెయ్యి. ఇంగ్లీషులో నువ్వే పెట్టుకో, మాట మాత్రం ఇంతే:

"నిన్నటి మెయిల్ రెండో పేరాలో మీ కంపెనీ పేరు బదులు వేరే పేరు రాశాను. క్షమించండి. నేను చెప్పాలనుకున్నది ఇదీ: ఫెయిలైన పేమెంట్‌ని మళ్లీ పంపినప్పుడు కస్టమర్‌కి రెండుసార్లు డబ్బు కట్ కాకుండా మీ టీమ్ ఎలా టెస్ట్ చేస్తుందో మీరు వివరించిన తీరు నాకు బాగా నచ్చింది. మీ సమయానికి ధన్యవాదాలు."

ఆ పేమెంట్ వాక్యం ఎందుకంటే, నీ పాత మెయిల్‌లో "మీ టీమ్ వాతావరణం నచ్చింది" అని ఉంది. అది ఏ కంపెనీకైనా అతుకుతుంది, అందుకే పేరు మారితే మొత్తం అనుమానంగా కనిపించింది. పేమెంట్ సంగతి ఆ మేడమ్‌తో మాట్లాడినవాడు తప్ప ఇంకొకడు రాయలేడు. ఇంటర్వ్యూ అయ్యాక నువ్వు నాకు ఫోన్‌లో చెప్పింది ఇదే కదా, మెయిల్‌లో ఎందుకు రాయలేదో!

గచ్చిబౌలి కంపెనీ పేరు మళ్లీ ఎత్తకు. ఒకే రోజు రెండు ఇంటర్వ్యూలు, నెట్ స్లో, ఇలాంటి కారణాలేవీ వద్దు, వాళ్లు అడగలేదు. లింక్డ్‌ఇన్‌లో ఇంకోసారి సారీ, హెచ్‌ఆర్‌కి ఫోన్ చేసి మరోసారి సారీ, ఇవి అసలే వద్దు. మా టీమ్‌కి ఒకబ్బాయి ఇలాగే వరసగా క్షమాపణలు పంపాడు. మొదటి తప్పేమిటో మేం మర్చిపోయాం, ఆ హడావిడి మాత్రం గుర్తుండిపోయింది.

జవాబు రాకపోతే కంగారు పడకు. థాంక్యూ మెయిల్స్‌కి చాలామంది జవాబివ్వరు. మా దగ్గరైతే ఇంటర్వ్యూ అయిన గంటా రెండు గంటల్లోనే ఫీడ్‌బ్యాక్ ఫారం నింపేస్తాం. మెయిల్ వచ్చేసరికి మార్కులు పడిపోయి ఉంటాయి. ఇద్దరు సరిసమానంగా ఉన్నప్పుడు మాత్రం ఇలాంటివి మాటల్లోకి వస్తాయి. అక్కడ కూడా దిద్దుకున్నవాడి మీద సదభిప్రాయమే ఉంటుంది.

ఇకమీదట పాతది కాపీ చెయ్యకుండా ఖాళీ మెయిల్‌లో మొదలుపెట్టు. నాలుగు వాక్యాలకి కాపీ ఎందుకురా? అడ్రస్ మాత్రం అంతా చదువుకున్నాకే పెట్టు, పొరపాటున సెండ్ నొక్కినా ఎక్కడికీ పోదు.

పంపాక నాకు మెసేజ్ పెట్టు. ముందు వెళ్లి అన్నం తిను, లేకపోతే అమ్మ మళ్లీ నాకే ఫోన్ చేస్తుంది. నాన్న బీపీ మాత్రలు ఈ వారంతో అయిపోతాయట, వచ్చేటప్పుడు తీసుకురా.

అక్క